పిల్లల జ్వరం సిరప్: చీటీలో ‘6 ఎం.ఎల్.’ చూశారు సరే, సీసా చూశారా?

వానలు మొదలయ్యాయంటే మా మందుల షాపుకు వచ్చే చీటీల్లో ఎక్కువగా కనిపించేది పారాసెటమాల్ సిరప్. డాక్టరుగారి రాత అర్థంకాకపోతే మమ్మల్ని అడుగుతారు. అసలు పొరపాటు రాతలో కాదు, సీసాలో జరుగుతుంది.

ఈ ఒక్క మందే రకరకాల బలాల్లో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్ అయితే 5 ఎం.ఎల్.కు ఒకదానిలో 125, ఇంకోదానిలో 250. పది కిలోల పాపకు కిలోకు 15 చొప్పున 150 మి.గ్రా. అనుకుందాం. 125 సిరప్‌లో అది 6 ఎం.ఎల్., 250లో 3, చుక్కల మందులో ఒకటిన్నరే. చీటీలో ఉత్తగా ‘6 ఎం.ఎల్.’ అని ఉండి, ఇంట్లో పెద్దబాబుకు తెచ్చిన 250 సీసా ఉంటే పాపకు పడేది 300. చుక్కల మందే 6 ఎం.ఎల్. పడితే నాలుగింతలు! ఇలా రెండు మూడు రోజులు పడితే కాలేయం దెబ్బతినొచ్చు. మొదట కనిపించేవి వాంతులు, అన్నం మానేయడం. అవి జ్వరం వల్లేననుకుంటాం. అందుకే ఎక్కువ పడిందని తెలిసిన వెంటనే, లక్షణాల కోసం ఆగకుండా, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి.

చీటీలో పారాసెటమాల్ పక్కన ‘ఎస్ఓఎస్’ అని ఉంటే అవసరమైతేనే అని. ఒళ్లు చల్లబడితే పట్టక్కర్లేదు. పట్టినా, చీటీలో వేరే చెప్పకపోతే, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకు నాలుగుసార్లు దాటకూడదు. అదే చీటీలోని యాంటీబయాటిక్‌కు ఇది వర్తించదు. ‘బీడీ’ లేదా 1-0-1 అంటే పొద్దున, రాత్రి. ‘టీడీఎస్’ లేదా 1-1-1 అంటే మూడు పూటలా. జ్వరం తగ్గినా యాంటీబయాటిక్‌ను రాసినన్ని రోజులూ పట్టాలి. ‘ఓడీ’ అంటే రోజుకు ఒక్కసారి, కానీ కంటి చుక్కల చీటీలో అదే ‘ఓడీ’ కుడికన్ను కావచ్చు. (ఈ పొట్టి అక్షరాలు కనిపెట్టినవాళ్లకు దండం పెట్టాలి.)

డబ్బులిచ్చేముందు అడగాల్సినవి మూడే. ‘డాక్టరు రాసిన బలం, ఈ సీసా బలం ఒకటేనా? మా పాప బరువు పది కిలోలు, ఈ కొలత గిన్నెలో ఏ గీత దాకా పొయ్యాలి?’ గీత చూపించమనండి, పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. వంటింటి చెంచాల్లో ఏ రెండూ ఒక్కలా పట్టవు. ఇక మూడో ప్రశ్న: ‘ఈ జలుబు సిరప్‌లో కూడా పారాసెటమాల్ ఉందా?’ చాలావాటిలో ఉంటుంది. ఉంటే రెండూ కలిపి పట్టకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

అర్ధరాత్రి అమ్మ పట్టిందని తెలియక తెల్లారుజామున నాయనమ్మ మళ్లీ పట్టేస్తుంది. చీటీ వెనకాలే టైము రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.