సేల్ సీజన్ రాకముందే హ్యాండ్లింగ్ టైమ్ సరిచేసుకోండి

ఆర్డర్లు పెరిగే సీజన్ ముందు చిన్న సెల్లర్లు చాలామంది స్టాక్ గురించే ఆలోచిస్తారు, లిస్టింగ్‌లో ఎప్పుడో పెట్టిన హ్యాండ్లింగ్ టైమ్, అంటే ఆర్డర్ వచ్చాక పార్సిల్ పంపడానికి పెట్టుకున్న గడువు, మాత్రం "ఒక రోజులో డిస్పాచ్" అని అలాగే ఉండిపోతుంది. ఆ గడువును సీజన్ మొదలయ్యాక పెంచితే అప్పటికే వచ్చిన ఆర్డర్లకు వర్తించదు, కస్టమర్ కొన్న క్షణంలో ఏ తేదీ కనిపించిందో దాని ప్రకారమే మిమ్మల్ని లెక్కిస్తారు. అందుకే మార్చాల్సింది ఇప్పుడే.

ఎన్ని రోజులు పెట్టాలో తేల్చడానికి సగటు చూడకండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. చెక్క నేమ్ ప్లేట్లు అమ్మే ఒకరి గత 40 ఆర్డర్లలో 26 ఒక రోజులో, 10 రెండు రోజుల్లో, 3 మూడు రోజుల్లో, ఒకటి ఐదు రోజుల్లో వెళ్ళాయి అనుకోండి. సగటు ఒకటిన్నర రోజు, కాబట్టి రెండు రోజులు పెడితే చాలనిపిస్తుంది, కానీ అలా పెడితే 4 ఆర్డర్లు లేటు, అంటే 10 శాతం. మూడు రోజులు పెడితే ఒక్కటే లేటు, 2.5 శాతం. సెల్లర్ స్వయంగా పంపే ఆర్డర్లలో ఆలస్యాలు 4 శాతం లోపే ఉండాలంటుంది అమెజాన్, 40 ఆర్డర్ల మీద రెండో పార్సిల్ ఆలస్యమైతే అది 5 శాతం అయిపోతుంది. వేలల్లో అమ్మేవాళ్ళకు రెండు పార్సిళ్ళు లెక్కలోకి రావు, మనకు మాత్రం అవే అకౌంట్ మీదకు తెస్తాయి. కాబట్టి మీ ఆర్డర్ల లిస్టు తీసి, అన్నిటికంటే నెమ్మదిగా వెళ్ళిన నాలుగైదింటిని చూడండి, అవి ఎందుకు ఆగాయో అడగండి.

ఇదంతా మామూలు రోజుల లెక్క. సీజన్‌లో ఆర్డర్లు క్యూ కడతాయి, అక్కడే చాలామంది దెబ్బతింటారు. అదే సెల్లర్ రోజుకు 12 పార్సిళ్ళు తయారుచేసి పంపగలరు, మామూలుగా 8 ఆర్డర్లు వస్తాయి, సేల్ నాలుగు రోజులు రోజుకు 20 వచ్చాయనుకుందాం. రోజుకు 8 చొప్పున మిగిలి, నాలుగో రోజు రాత్రికి 32 పెండింగ్ ఉంటాయి. అవి పూర్తవడానికి ఇంకా మూడు రోజులు పడుతుంది, అంటే నాలుగో రోజు చివర్లో వచ్చిన ఆర్డర్ అక్కణ్ణుంచి కరెక్టుగా మూడో రోజున బయటపడుతుంది. మూడు రోజులు పెట్టుకుంటే సరిపోయినట్టే ఉంటుంది కానీ ఒక్కరోజు కొరియర్ పికప్‌కి రాకపోయినా, ప్రింటర్ మొరాయించినా ఆ ఆర్డర్లన్నీ ఒకేసారి లేటు అవుతాయి. నా సలహా, ఈ లెక్కకు ఐదు రోజులు పెట్టండి. ఇంకో సంగతి, సేల్ అయిపోయిన మర్నాడే తగ్గించేయకండి, కొత్త ఆర్డర్లు 8 వస్తూనే ఉంటాయి కాబట్టి పెండింగ్ రోజుకు నాలుగు చొప్పునే తగ్గుతుంది, 32 పోవడానికి ఎనిమిది పనిదినాలు పడుతుంది.

అలాగని అన్నిటికీ పది రోజులు పెట్టేస్తే కస్టమర్ డెలివరీ తేదీ చూసి వెళ్ళిపోతాడు. పేరు చెక్కించి ఇచ్చేవాటికి, షెల్ఫ్‌లో సిద్ధంగా ఉన్నవాటికి వేర్వేరు గడువులు పెట్టండి, చాలా ప్లాట్‌ఫామ్‌లలో ఒక్కో ప్రొడక్ట్‌కి విడిగా మార్చుకోవచ్చు. గడువు మార్చేది సెట్టింగ్‌లోనే, "పంపడానికి అయిదు రోజులు పడుతుంది" అని వివరణలో రాసినా సిస్టమ్ అది చదవదు, సెట్టింగ్‌లో ఒక రోజు ఉంటే ఒక రోజే లెక్క. డిస్పాచ్ కటాఫ్ టైమ్, అంటే అది దాటాక వచ్చిన ఆర్డర్లు మర్నాటి లెక్కలోకి వెళ్ళే టైమ్, పెట్టుకునే వీలుంటే కొరియర్ వచ్చే టైమ్‌కి రెండు మూడు గంటల ముందుగా పెట్టండి, లేకపోతే సాయంత్రం వచ్చిన ఆర్డర్‌కి కూడా ఆ రోజే మొదటి రోజు అయిపోతుంది. మీరు పని చేయని రోజులు, కొరియర్ రాని రోజులు కూడా సెట్టింగ్‌లో గుర్తుపెట్టి ఉన్నాయా చూసుకోండి.

లేబుల్ ప్రింట్ చేస్తే డిస్పాచ్ అయినట్టు కాదు. ఈబే లాంటి చోట్ల కొరియర్ మొదటిసారి స్కాన్ చేసిన సమయమే లెక్కలోకి వస్తుంది. పికప్ బాయ్ పార్సిళ్ళు సంచిలో వేసుకుని స్కాన్ చేయకుండా వెళ్ళిపోతే అవి మీ దగ్గరే ఉన్నట్టు కనిపిస్తాయి, కాబట్టి సాయంత్రం ట్రాకింగ్ తెరిచి ఒక్కో నంబర్‌కి స్కాన్ పడిందో లేదో చూడండి, రసీదు అడిగి తీసుకోండి. పెండింగ్ మీ రెండు రోజుల సామర్థ్యాన్ని, ఇక్కడైతే 24ని, దాటిందనిపిస్తే వెంటనే లిస్టింగ్‌లో చూపించే స్టాక్ తగ్గించండి, అవసరమైతే ఆ ఐటమ్‌ని ఆపేయండి. పంపకుండానే పంపేసినట్టు మార్క్ చేయడం మాత్రం చేయొద్దు, ట్రాకింగ్ రోజుల తరబడి కదలకపోతే కస్టమర్ ఫిర్యాదు చేస్తాడు, అది ఆలస్యం కంటే పెద్ద మచ్చ. గడువు తప్పేలా ఉందని తెలిస్తే ఆ తేదీకి ముందే కస్టమర్‌కి మెసేజ్ పెట్టి, కొత్త తేదీ చెప్పి, వద్దంటే క్యాన్సిల్ చేసుకోవచ్చని తెలపండి.