పిల్లలకు జియార్డియా వస్తే మెట్రోనిడజోల్ ఎంత పోయాలి, చేదు వల్ల డోసులు ఎలా తప్పుతాయి: వానాకాలపు జాగ్రత్తలు

వానలు పడి, తాగునీటి గొట్టాల్లోకి, బావుల్లోకి మురుగు చేరే నెలల్లో, మలపరీక్షలో జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఉన్నట్టు తేలిన పిల్లల చీటీలు మందుల దుకాణాలకు ఎక్కువగా వస్తాయి. ఆ చీటీల మీద తరచుగా కనిపించే మందు మెట్రోనిడజోల్. మందు పాతదే, చవకైనదే, సరిగా వాడితే బాగా పనిచేసేదే. అయినా ఇది విఫలమైందని తల్లిదండ్రులు తిరిగి వచ్చినప్పుడు ఫార్మసిస్టుగా నేను గమనించినదేమిటంటే, చాలాసార్లు లోపం మందులో కాదు, కొలతలోనో, మధ్యలో జారిపోయిన డోసులలోనో ఉంటుంది. ఈ రెండూ విడివిడి సమస్యలు కావు, ఒకటి రెండోదానికి దారితీస్తుంది.

ముందుగా ఒక హెచ్చరిక. వానాకాలంలో చిన్నపిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాలలో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి కావలసినవి ఓఆర్‌ఎస్, జింక్ మాత్రమే. మెట్రోనిడజోల్ వాటిపై పనిచేయదు. జియార్డియా తీరు వేరు: మలం జిడ్డుగా, విపరీతమైన దుర్వాసనతో ఉంటుంది, కడుపు ఉబ్బరిస్తుంది, గ్యాస్ ఎక్కువగా పోతుంది, వారాల తరబడి తగ్గుతూ పెరుగుతూ సాగి పిల్లవాడి బరువు తగ్గుతుంది. మలంలో నెత్తురు సాధారణంగా కనిపించదు. ఈ పరాన్నజీవి ప్రతిరోజూ మలంలో బయటపడదు కాబట్టి, ఒక్క పరీక్షలో కనిపించకపోతే డాక్టర్లు వేర్వేరు రోజుల్లో మూడు నమూనాల వరకు అడుగుతారు. ఆ శ్రమ పడటం, ఊహించి మందు పోయడం కంటే మేలు.

ఇక మోతాదు. జియార్డియాకు పిల్లల మోతాదును బరువును బట్టి లెక్క వేస్తారు. సాధారణంగా కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఒక డోసు, అలాంటివి రోజుకు మూడు, 5 నుంచి 7 రోజులు. ఒక్క డోసు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. వయసును బట్టి అంచనా వేయడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నెలరోజులుగా జియార్డియాతో బాధపడుతున్న మూడేళ్ల పిల్లవాడు తన వయసుకు ఉండవలసినంత బరువు ఉండకపోవచ్చు. ఆ వారంలోనే, చెప్పులు తీసి, తేలికపాటి బట్టలతో తూచిన బరువు కావాలి. ఏడాది లోపు పిల్లలకు, కాలేయ జబ్బు ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడుతున్నవారికి ఈ లెక్క ఇంట్లో వేయకూడదు, అది డాక్టరే నిర్ణయించాలి.

ఇదే మందును అమీబా విరేచనాలకు కూడా వాడతారు, కానీ అక్కడ మోతాదు రెట్టింపు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఉంటుంది. కాబట్టి నిరుడు అన్నయ్యకు అమీబా వచ్చినప్పుడు రాసిన చీటీని చూసి ఈ ఏడు చెల్లెలికి అదే కొలత పోయడం పెద్ద పొరపాటు. మందు పేరు ఒకటే అయినంత మాత్రాన మోతాదు ఒకటి కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాప వయసు మూడేళ్లు, బరువు 12 కిలోలు. ఒక డోసు 60 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు అని ఉంటే, ఒక మిల్లీలీటరులో 40 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. అంటే పాపకు ఒకసారి పోయవలసింది ఒకటిన్నర మిల్లీలీటర్లు మాత్రమే. అదే సీసా మీద 5 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములు అని ఉంటే 3 మిల్లీలీటర్లు కావాలి. డాక్టరు ఒక గాఢత మనసులో పెట్టుకుని మిల్లీలీటర్లలో రాసి, దుకాణంలో వేరే గాఢత గల సీసా ఇస్తే మోతాదు సగమో రెట్టింపో అయిపోతుంది. అందుకే చీటీలో మిల్లీగ్రాములు కూడా రాయమని అడగండి, సీసా తీసుకునేటప్పుడు గాఢతను అక్కడే చదివించుకోండి.

ఒకటిన్నర మిల్లీలీటర్లు అంటే ఎంత తక్కువో చాలామంది ఊహించలేరు. మందుతో వచ్చే ప్లాస్టిక్ మూతల మీద గీతలు తరచుగా రెండున్నర దగ్గరే మొదలవుతాయి, కాబట్టి ఆ మూతతో ఈ డోసు కొలవడం సాధ్యం కాదు. సూది లేని 2 మిల్లీలీటర్ల సిరంజి అడిగి తీసుకోండి. ఒకసారి ఒక తల్లి నాలుగో రోజే వచ్చి, "మందు అయిపోయింది సార్, ఇంకో సీసా ఇవ్వండి, పాప అసలు తాగడం లేదు, తాగినా కక్కేస్తోంది" అన్నారు. చీటీలో ఐదు రోజులకు రాశారు, సీసా 60 మిల్లీలీటర్లది, పాప బరువు సరిగ్గా 12 కిలోలు. లెక్క ప్రకారం ఐదు రోజులకు 15 డోసులు, అంటే 22.5 మిల్లీలీటర్లు ఖర్చయి, సీసాలో సగానికి పైగా మిగలాలి. నాలుగు రోజుల్లో సీసా ఖాళీ అయిందంటే రోజుకు 15 మిల్లీలీటర్లు పోశారన్నమాట. అడిగితే, ఇంట్లో నానమ్మ పూటకో చెంచా నిండా పోస్తున్నారని తెలిసింది. ఒక చెంచా అంటే 200 మిల్లీగ్రాములు, పాపకు కావలసిన దానికి మూడు రెట్లకు పైనే.

ఇక్కడే కొలతకూ చేదుకూ ఉన్న లంకె కనిపిస్తుంది. మెట్రోనిడజోల్ స్వతహాగా చాలా చేదు మందు. అది రక్తంలో కలిశాక లాలాజలంలోకి కూడా వస్తుంది, అందువల్ల మందు మింగిన తరువాత కూడా నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి ఉండిపోతుంది. మోతాదు పెరిగేకొద్దీ వికారం పెరుగుతుంది. మూడు రెట్ల మందు తాగిన పాప అన్నం వద్దంటుంది, సీసా చూడగానే పళ్లు బిగిస్తుంది, బలవంతంగా పోస్తే కక్కేస్తుంది. కక్కినదాన్ని చూసి పెద్దలు ఇంకా ఎక్కువ పోస్తారు. చివరికి విసిగి మానేస్తారు. ఆ పాపకు డాక్టరుతో మాట్లాడి, మిగిలిన రోజులు సరైన కొలతతో, సిరంజితో పోయించిన తరువాత పేచీ చాలావరకు తగ్గింది.

పిల్లల సీసాల్లో సాధారణంగా మెట్రోనిడజోల్ బెంజోయేట్ ఉంటుంది. అది నీటిలో సరిగా కరగదు, నాలుక మీద కరగనిది అంతగా చేదనిపించదు, పేగులోకి వెళ్లాక విడిపోయి అసలు మందుగా మారుతుంది. బిళ్లల్లో ఉండేది అసలు మందే, పై పూత ఉన్నంతవరకే చేదు తెలియదు. బిళ్లను నలిపి తేనెలోనో పాలలోనో కలిపితే పూత పోయి చేదంతా బయటికి వస్తుంది, పైగా 200 మిల్లీగ్రాముల బిళ్లలో నుంచి 60 మిల్లీగ్రాములు విడదీయడం ఎవరి వల్లా కాదు. చిన్నపిల్లలకు బిళ్ల నలిపి పోసే పద్ధతి మానుకోవాలి.

కరగని మందు కాబట్టే అది సీసా అడుగున పేరుకుంటుంది. బాగా కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో పలుచని ద్రవం, చివరి రోజుల్లో చిక్కని మందు వెళతాయి. ప్రతిసారీ, అడుగున తెల్లని పొర కనిపించనంతవరకు కుదపండి. ఈ బెంజోయేట్ సస్పెన్షన్‌ను భోజనానికి కనీసం ఒక గంట ముందు ఇవ్వడం మంచిది. బిళ్లలను మాత్రం తిన్నాక వేసుకోవాలి. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకేలా వాడతారు.

పోసేటప్పుడు పిల్లను కూర్చోబెట్టి, సిరంజి కొనను చెంపలోపలి వైపు, దవడకు దగ్గరగా పెట్టి కొద్దికొద్దిగా వదలాలి. నాలుక మధ్యలో పోస్తే ఉమ్మేస్తుంది, గొంతులోకి చిమ్మితే పొరబోతుంది. ముక్కు మూసి, చేతులు పట్టి పోయకూడదు. ముందుగా ఒక చల్లని నీటి గుక్క, వెంటనే తరువాత చిన్న బెల్లం పొడి చిటికెడో, అరటిపండు ముద్దో పెట్టండి. ఏడాది దాటిన పిల్లలకైతే తేనె కూడా పెట్టవచ్చు. మందును పాల గ్లాసులో కలపడం మాత్రం వద్దు. సగం గ్లాసు వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు, పిల్లకు పాల మీద కూడా అసహ్యం పుడుతుంది. ఇది చాక్లెట్ అని అబద్ధం చెప్పకండి, మొదటి డోసుకు నమ్మిన పిల్ల రెండో డోసుకు నోరు తెరవదు.

మందు పోసిన అరగంటలోపు మొత్తం కక్కేస్తే అదే డోసు మళ్లీ ఇవ్వవచ్చు. గంట దాటాక కక్కితే మళ్లీ ఇవ్వకూడదు. ఈ మధ్యలో అయితే డాక్టరును అడగండి. పదే పదే కక్కుతుంటే మాత్రం ఆగి, కొలత, నీరసం, మూత్రం అన్నీ చూపించుకోవాలి.

ఎక్కువగా తప్పేది మధ్యాహ్నపు డోసు. అంగన్‌వాడీలోనో బడిలోనో దాన్ని పోసేవారు ఉండరు. అందుకే లేవగానే ఒకటి, బడి నుంచి రాగానే ఏదీ పెట్టకముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి అని కుదుర్చుకోండి. ఎనిమిది గంటల తేడా నిక్కచ్చిగా లేకపోయినా, మూడూ పడటం ముఖ్యం. ఒకటి మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి, తరువాతి డోసు వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయండి, రెండూ కలిపి పోయకండి. గోడ మీద 15 గళ్ల కాగితం అతికించి, పోసిన వారే గుర్తు పెట్టాలి. అమ్మ పోసిందని నాన్న, నాన్న పోశాడని అమ్మ అనుకునే ఇళ్లలో ఈ కాగితం చాలా పనిచేస్తుంది.

రెండు మూడు రోజుల్లోనే విరేచనాలు తగ్గుతాయి, అప్పుడే ఆపేయాలనిపిస్తుంది. పేగులో మిగిలిన పరాన్నజీవులు చీలి మళ్లీ పెరుగుతాయి కాబట్టి ఆపకూడదు. చివరి రోజున సీసాలో మిగిలినదాన్ని కొలత మూతలో పోసి చూడండి. 12 కిలోల పాపకు 60 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 37 మిగలాలి. 45 మిగిలితే ఐదు డోసులు తప్పాయన్నమాట, అంటే రోజుకొకటి. ఆ సంఖ్యను డాక్టరుకు చెప్పండి. మందు పనిచేయలేదా, మందే పడలేదా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

కోర్సు పూర్తయిన తరువాత కూడా పాలు తాగగానే ఉబ్బరం, పలుచని మలం కొన్ని వారాలు ఉండవచ్చు. జియార్డియా వల్ల పేగు పొర దెబ్బతిని పాలలోని చక్కెర అరగకపోవడమే దీనికి కారణం కావచ్చు, దీనికి మందు మళ్లీ మొదలుపెట్టకూడదు, ముందు మలపరీక్ష చేయించాలి. మందు వాడేటప్పుడు మూత్రం ముదురు రంగులో రావచ్చు, అది ప్రమాదం కాదు. కానీ చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, తూలడం, మూర్ఛ రావడం, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఆల్కహాలు కలిసిన దగ్గు మందులు, టానిక్‌లు మందు వాడే రోజుల్లోనూ, కోర్సు ముగిశాక మరో మూడు రోజుల వరకూ ఇవ్వకూడదు.

ఎంత ప్రయత్నించినా పిల్ల తాగకపోతే, సగం డోసులతో ఐదు రోజులు నెట్టుకురాకుండా డాక్టరుకు ఆ మాట నేరుగా చెప్పండి. మూడేళ్లు దాటిన పిల్లలకు టినిడజోల్ ఒకే ఒక్క డోసుగా, కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున, 2 గ్రాములు మించకుండా ఇచ్చే పద్ధతి ఉంది. అది కూడా చేదే, కానీ 15 సార్లు కాదు, ఒక్కసారి. ఏడాది దాటిన పిల్లలకు మూడు రోజులు రోజుకు రెండుసార్లు ఇచ్చే నిటాజోక్సనైడ్ ద్రవం కూడా ఉంది. వీటిలో ఏది సరిపోతుందో డాక్టరు నిర్ణయించాలంటే, చీటీ రాసే ముందే, "మా పాప చేదు మందు ఉమ్మేస్తుంది" అని చెప్పండి.