స్కాలర్‌షిప్ సీవీ: ప్రాజెక్టు ఉంది, చేసిన పని కనిపించదు

లక్షణం: మార్కులు బాగున్నాయి, మంచి ప్రాజెక్టు ఉంది, అయినా మాస్టర్స్ దరఖాస్తులు వరుసగా తిరస్కరణకు గురవుతున్నాయి.

ముందు సూచనల పేజీ చూడండి. యూరోపియన్ యూనియన్ వారి యూరోపాస్ సీవీ నమూనా అడిగారా? పేజీల పరిమితి ఉందా? సంతకం కావాలన్నారా? ఇవి చదవకుండానే "సీవీ ఒకసారి చూడండి" అని పంపేవారే ఎక్కువ. తేదీలకు నెలలు కూడా రాయండి. కొన్ని స్కాలర్‌షిప్పులకు రెండేళ్ల ఉద్యోగానుభవం తప్పనిసరి. ఉత్త "2021–2023" అంటే 14 నెలలు కావచ్చు, 36 నెలలూ కావచ్చు.

అవన్నీ సరిగ్గానే ఉంటే, అసలు దొంగ ప్రాజెక్టు వాక్యంలో ఉంటాడు. నేనూ మొదటిసారి అక్కడే దెబ్బ తిన్నాను. ఉద్యోగపు రెజ్యూమె నుంచి ఇలాంటి వాక్యాన్ని యథాతథంగా దించేస్తాం:

"పైథాన్, టెన్సర్‌ఫ్లోతో ఆకు తెగుళ్లను 94 శాతం కచ్చితత్వంతో గుర్తించే వ్యవస్థను నిర్మించాం."

కంపెనీకి ఇది చాలు. పనిముట్లు వచ్చా, ఫలితం తెచ్చారా అన్నదే వారికి కావాలి. ఎంపిక కమిటీలోని ప్రొఫెసర్ మాత్రం ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, దేనితో పోల్చారు, "నిర్మించాం"లో మీ వంతు ఎంత అని వెతుకుతారు. పరీక్ష తేలికే: పనిముట్ల పేర్లు, శాతాలు కొట్టేసి మళ్లీ చదవండి. "వ్యవస్థను నిర్మించాం" తప్ప ఏమీ మిగలకపోతే రోగం దొరికినట్టే.

సరిచేశాక ఇలా ఉంటుంది:

"ప్రయోగశాల ఫొటోలతో నేర్పిన మోడల్ పొలంలో తీసిన ఫొటోలపై ఎందుకు తడబడుతుంది? చివరి ఏడాది థీసిస్, నలుగురి బృందం. నా వంతు: పొలంలో 600 ఫొటోలు తీసి, తెగులు పేర్లు గుర్తించి, రెండు పద్ధతులను పోల్చడం. కచ్చితత్వం 94 నుంచి 61 శాతానికి పడిపోయింది. నేపథ్యం తొలగించాక 73కు చేరింది."

ఆ 61ని రెజ్యూమెలో ఎవరైనా దాచేస్తారు. ఇక్కడ మిమ్మల్ని పరిశోధన చేసే మనిషిగా చూపించేది అదే. థీసిస్ శీర్షిక, గైడు పేరు సిఫారసు లేఖలో ఉన్నట్టే ఉండాలి. రెండూ పొసగకపోతే అనుమానం మీ మీదికే వస్తుంది.

ఈ వివరానికి చోటెక్కడిదంటారా? రెజ్యూమెలో పైన కూర్చున్న నైపుణ్యాల పట్టీని చివరికి పంపి, చదువును పైకి తెండి. గ్రేడు పక్కన స్కేలు కూడా ఉండాలి: ఉత్త 8.4 కాదు, 8.4/10. పరిమితి పెట్టకపోతే రెండు పేజీలు వాడుకోవచ్చు. ఒక పేజీ నియమం ఉద్యోగాలది.

పత్రికకు పంపిన వ్యాసాన్ని "ప్రచురితం" అని రాయకండి, "పరిశీలనలో ఉంది" అనండి. ఫాంటు, రంగుల వల్ల సీటు పోయినవారిని మాత్రం నేనింకా చూడలేదు.