వేలు ఎక్కడ నొస్తోందో చూసి స్ప్రింగ్ బరువు మార్చుకోండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మెకానికల్ కీబోర్డు మీద రోజంతా టైపు చేసేవారు ఒకే మాట అంటారు: "సాయంత్రానికి వేళ్లు పనిచేయడం లేదు." ఈ మాట వెనుక కనీసం రెండు వేర్వేరు సమస్యలు ఉంటాయి. ఒకటి ప్రతి కీ కింద ఉండే స్విచ్‌లోని స్ప్రింగ్ మరీ గట్టిగా ఉండటం, రెండోది మరీ మెత్తగా ఉండటం. మొదటిదానికి చేసే మరమ్మతు రెండోదాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే కొత్త స్విచ్‌లు కొనేముందు నొప్పి ఎక్కడ ఉందో చూడాలి.

ముందు రెండు బరువులు వేరు చేసుకోవాలి

పెట్టె మీద రాసే అంకె యాక్చుయేషన్ ఫోర్స్, అంటే తెర మీద అక్షరం పడటానికి కావలసిన బరువు. చెర్రీ కంపెనీ రెడ్ స్విచ్‌కు అది 45, బ్లాక్ స్విచ్‌కు 60. తయారీదారు ఈ అంకెలను సెంటీన్యూటన్లలో ఇస్తాడు, గ్రాములు అనుకున్నా తేడా దాదాపు ఉండదు. ఆ అక్షరం కీ 2 మిల్లీమీటర్లు దిగగానే పడుతుంది. కానీ కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. వేగంగా టైపు చేసే వేలు మధ్యలో ఆగదు, అడుగుదాకా వెళ్లి తాకుతుంది. దిగేకొద్దీ స్ప్రింగ్ బిగుస్తుంది కాబట్టి రెడ్ అడుగున సుమారు 60 గ్రాములు, బ్లాక్ సుమారు 80 గ్రాములు ఎదురు నిలుస్తాయి. వేలిని అలసటకు గురిచేసేది ఎక్కువగా ఈ రెండో అంకే. పెట్టె మీద మాత్రం అది సాధారణంగా కనిపించదు.

లక్షణం: వేలి కొనలు మండటం, ముంజేయి లోపలి వైపు బిగుసుకోవడం

కారణం గట్టి స్ప్రింగ్, లేదా అడుగుకు గట్టిగా కొట్టే అలవాటు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. అక్షరం పడటానికి కావలసిన బలం కంటే టైపు చేసేవారు కొన్ని రెట్లు ఎక్కువ బలం పెడతారని 1990లలో కొలిచిన పరిశోధకులు గమనించారు. స్ప్రింగ్ గట్టిదైతే ఆ అదనపు బలం కూడా పెరుగుతుంది.

దీన్ని ఇంట్లోనే పది రూపాయల నాణేలతో కొలవవచ్చు. ఒక్కో నాణెం బరువు సుమారు 7.7 గ్రాములు. నాణెం కీక్యాప్ కంటే వెడల్పు కాబట్టి కొలిచే కీ చుట్టూ ఉన్న కీక్యాప్‌లను ముందు ఊడదీయాలి, లేకపోతే నాణెం పక్క కీల మీద ఆనుకుని లెక్క తప్పుతుంది. నోట్‌ప్యాడ్ తెరిచి పెట్టి, నాణేలు ఒకదాని మీద ఒకటి మెల్లగా ఉంచండి. పైనుంచి జారవిడవకూడదు. ఒక్కో నాణెం పెట్టాక బల్లను వేలితో ఒకసారి తట్టండి, లోపలి రాపిడి వల్ల కీ ఇరుక్కుని ఉంటే కదులుతుంది. అక్షరం పడినప్పుడు ఎన్ని నాణేలున్నాయో రాసుకోండి. ఆ తరువాత కీ అడుగు తాకేదాకా ఇంకా పేర్చి, ఆ లెక్క కూడా రాసుకోండి.

ఆరు నాణేల దగ్గర అక్షరం పడి ఎనిమిది దగ్గర అడుగు తాకితే అది రెడ్ తరహా స్విచ్. ఎనిమిది దగ్గర అక్షరం పడి పది, పదకొండు దగ్గర అడుగు తాకితే బ్లాక్ తరహా. మీ లెక్క ఈ రెండో వరుసకు దగ్గరగా ఉండి, వేలి కొనలే నొస్తుంటే మార్చవలసింది స్ప్రింగే.

లక్షణం: చేతి వెనుక, ముంజేయి పైభాగం లాగడం, రాసినదాంట్లో అనవసరపు అక్షరాలు

కారణం దీనికి పూర్తిగా తలకిందులు. స్ప్రింగ్ మరీ మెత్తనైతే విశ్రాంతిగా ఉంచిన వేలి బరువుకే అక్షరం పడుతుంది. ఒకటి, రెండుసార్లు అలా పడ్డాక చేయి తెలియకుండానే వేళ్లను గాలిలో ఎత్తి ఉంచడం మొదలుపెడుతుంది. వేళ్లను పైకి ఎత్తే కండరాలు చేతి వెనుక, ముంజేయి పైభాగంలో ఉంటాయి. రోజంతా అవి వదలకుండా పనిచేస్తాయి. దీన్ని వేలి అలసట అనుకుని ఇంకా మెత్తటి స్విచ్ కొనేవారిని చాలామందిని చూశాను. వారి నొప్పి ఆ కొనుగోలుతో పెరిగింది తప్ప తగ్గలేదు.

పరీక్ష సులభం. కీబోర్డు మీద నాలుగు వేళ్లనూ మధ్య వరుసలో పూర్తిగా వాల్చి, ఒక నిమిషం అలాగే ఉండండి. అక్షరాలు పడుతుంటే స్ప్రింగ్ మీ చేతికి మెత్తన. పడకపోయినా నొప్పి ఉంటే కీబోర్డు వెనుక కాళ్లు మడిచి చూడండి. వెనుక భాగం లేచి ఉంటే మణికట్టు పైకి వంగుతుంది, అదే కండరం మళ్లీ లాగుతుంది. దీనికి స్ప్రింగ్‌తో సంబంధం లేదు.

స్ప్రింగే కారణమైతే నేరుగా గట్టి స్ప్రింగ్‌కు పోనవసరం లేదు. పొడవైన స్ప్రింగ్ అడగండి. మామూలు స్ప్రింగ్ 15 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే ఇవి 20 మిల్లీమీటర్లు, ఆపైన దొరుకుతాయి. పొడవైనదాన్ని అదే గూటిలో కుదించి పెడతారు కాబట్టి మొదటి తాకుడులోనే కొంత ఎదురు నిలుస్తుంది. అడుగుకు వచ్చేసరికి బరువు పెద్దగా పెరగదు. వేలిని వాల్చుకోవచ్చు, అడుగున శిక్షా ఉండదు. నా అభిప్రాయంలో రోజంతా టైపు చేసే చేతికి ఇదే అన్నిటికంటే తగిన మార్గం.

లక్షణం: ఒక్క చిటికెన వేలే నొప్పి

ఇక్కడే చిత్తూరు కోర్టు దగ్గర దస్తావేజులు టైపు చేసే ఒక ఆపరేటర్ ఉదాహరణ చెప్పాలి. ఆమె ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో తెలుగు టైపు చేస్తారు. "అన్నా, మధ్యాహ్నం దాటితే కుడి చిటికెన వేలు ముడుచుకోవడం లేదు" అన్నారు. మిగతా వేళ్లకూ అలసట ఉంది, కానీ చెప్పుకునేంత కాదు.

ఇన్‌స్క్రిప్ట్‌లో కుడి చిటికెన వేలి వంతుకు జ, చ, ట, డ వస్తాయి. ఝ, ఛ, ఠ, ఢ కూడా షిఫ్ట్‌తో కలిపి అవే కీల మీద వస్తాయి, పైగా ఎంటర్ కూడా ఆ వేలిదే. ప్రతి దస్తావేజులో వచ్చే "చుట్టుహద్దులు" అనే మాటనే చూడండి. పదమూడు కీలు నొక్కితే మూడు కుడి చిటికెన వేలివే: ఒక చ, రెండు ట. ఇంగ్లీషు టైపింగ్‌లో ఈ వేలికి ఇంత పని ఉండదు. ఇంగ్లీషు చూసి తయారుచేసిన కీబోర్డులో అన్ని కీలకూ ఒకే స్ప్రింగ్ ఉంటే, తెలుగు టైపు చేసేవారి బలహీనమైన వేలి మీద ఎక్కువ భారం పడుతుంది.

ఆమె కీబోర్డులో బ్లాక్ తరహా స్విచ్‌లు ఉన్నాయి. నాణేలతో కొలిస్తే అక్షరం ఎనిమిది దగ్గర పడింది, పదకొండు దగ్గర అడుగు తాకింది. అంతకుముందు ఎవరో చెప్పిన మాట మీద 35 గ్రాముల స్విచ్‌ల కీబోర్డు ఒకటి వాడి చూశారట. అప్పుడు చిటికెన వేలు తేలికపడింది, కానీ పేర్లలో అదనపు అక్షరాలు పడసాగాయి, చేతి వెనుక లాగడం మొదలైంది. దస్తావేజులో పేరు తప్పితే పత్రం మళ్లీ తీయాలి కాబట్టి దాన్ని పక్కన పెట్టేశారు.

రెండు రకాల స్ప్రింగ్‌లు వాడాలని నిర్ణయించాం. చాలా కీలకు అడుగున 62 గ్రాముల స్ప్రింగ్, రెండు చిటికెన వేళ్ల కీలకు 55 గ్రాముల పొడవైన స్ప్రింగ్. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రియల్‌ఫోర్స్ కంపెనీ కొన్ని కీబోర్డుల్లో వేలిని బట్టి 30, 45, 55 గ్రాముల బరువులు విడివిడిగా అమర్చింది.

కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది, దయచేసి గుర్తుంచుకోండి. స్విచ్ మీద రాసే అంకె అక్షరం పడే బరువు. విడిగా అమ్మే స్ప్రింగ్ పొట్లం మీద ఎక్కువగా ఉండేది అడుగు తాకే బరువు. "నాది 45 స్విచ్" అనుకుని 45 స్ప్రింగ్ తెప్పిస్తే అక్షరం 35 దగ్గరే పడే కీబోర్డు తయారవుతుంది. రెడ్‌తో సమానంగా కావాలంటే 60 ప్రాంతపు స్ప్రింగ్ అడగాలి. వివరణలో ఏ బరువో రాసి లేకపోతే అమ్మేవారిని అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

మార్చే పద్ధతి

కీబోర్డు హాట్‌స్వాప్ అయితే, అంటే టంకం లేకుండా స్విచ్‌లు ఊడివచ్చే రకమైతే, పని సులువు. కీక్యాప్ తీసి, పుల్లర్‌తో స్విచ్‌ను నిటారుగా పైకి లాగాలి. పక్కకు ఒరిగించి లాగితే కాళ్లు వంగుతాయి. స్విచ్ మూతకు కొన్నింటిలో నాలుగు కొక్కేలు, కొన్నింటిలో రెండు ఉంటాయి. ఓపెనర్‌తో వాటిని తెరిచి, కీక్యాప్ తగిలించే స్టెమ్ తీసి, పాత స్ప్రింగ్ స్థానంలో కొత్తది పెట్టాలి. లోపలి సన్నటి రాగి రేకును తాకవద్దు, అది వంగితే కీ ఒక్కసారి నొక్కినా అక్షరం రెండుసార్లు పడుతుంది లేదా అసలు పడదు. స్టెమ్‌కు ఉన్న రెండు చిన్న కాళ్లు ఆ రేకు వైపే ఉండాలి. స్ప్రింగ్ చివర పలుచని నూనె ఒక్క చుక్క చాలు. చిక్కటి గ్రీజు పెడితే మెత్తటి స్ప్రింగ్ కీని పైకి తేలేక నెమ్మదిగా లేస్తుంది.

కీబోర్డు టంకం వేసినదైతే ఒక్కో స్విచ్‌కు రెండు అతుకులు విప్పాలి. స్విచ్‌లను పట్టి ఉంచే ప్లేటుకు స్విచ్ మూత తెరవడానికి వీలుగా ఖాళీలు ఉంటే టంకం ముట్టుకోకుండానే స్ప్రింగ్ మార్చవచ్చు, ముందు అది చూడండి. అవేవీ లేకపోతే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం తెలిసినవారికే ఇవ్వండి.

ఒకేసారి మొత్తం కీబోర్డు మార్చవద్దు. ముందు చిటికెన వేలి కీలే మార్చి, ఒక వారం పని చేసి చూడండి. చేతి బలం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, పట్టికలు చూసి తేలే విషయం కాదు. ఆమె విషయంలోనూ అలాగే చేశాం. చిటికెన వేలి బాధ ఆ వారంలోనే తగ్గింది. 35 గ్రాముల కీబోర్డుతో మొదలైన చేతి వెనుక లాగడం మాత్రం స్ప్రింగ్‌లతో పోలేదు. కుర్చీ ఎత్తు పెంచి, కీబోర్డు వెనుక కాళ్లు మడిచాక తగ్గింది. అప్పుడు మిగతా కీలకు 62 వేశాం.

స్ప్రింగ్‌తో తీరనివి

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో ఆ తిమ్మిరికి మెలకువ రావడం, పట్టుకున్న గ్లాసు జారిపోవడం కనిపిస్తే మణికట్టు దగ్గర నరం నలుగుతుందేమోనని డాక్టర్‌కు చూపించాలి. అలాంటప్పుడు స్ప్రింగ్ బరువు తగ్గించి ఆగిపోతే చికిత్స ఆలస్యమవుతుంది. ఒక్క వేలు ముడిచి విప్పేటప్పుడు టక్కున ఇరుక్కుంటే అది కూడా కీబోర్డు దుకాణంలో తేలే పని కాదు.