పర్సనల్ లోన్ మొత్తం కట్టేసినా ఈఎంఐ ఎందుకు కట్ అవుతోంది?

సమస్య: డబ్బు కట్టాం, లోన్ మాత్రం క్లోజ్ కాలేదు

పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాసే మా బావ 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాడు. వడ్డీ 14 శాతం, గడువు 48 నెలలు, ఈఎంఐ 8,198 రూపాయలు. 18 ఈఎంఐలు కట్టాక చీటీ డబ్బు చేతికొచ్చింది. యాప్‌లో అసలు బాకీ 2,06,500 అని కనిపిస్తే, నెల 17న సరిగ్గా అంతే లోన్ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేసి, పని అయిపోయిందనుకున్నాడు. మరుసటి నెల 5న మళ్లీ ఈఎంఐ కట్ అయింది.

కారణం

ఇందులో రెండు విషయాలు కలిశాయి. యాప్‌లో కనిపించేది అసలు మాత్రమే. లోన్ తీర్చడానికి కట్టాల్సింది అంతకంటే ఎక్కువ. పైగా, క్లోజ్ చేయమని అడగకుండా పంపిన డబ్బును సిస్టమ్ అడ్వాన్స్‌గా పక్కన పెడుతుంది. స్టేట్‌మెంట్‌లో ‘ఎక్సెస్ అమౌంట్’ అనే లైన్ ఉందంటే జరిగింది ఇదే. బ్రాంచికి వెళ్తే శ్రీకాకుళంలో ఒకాయన చాలా మామూలుగా, "రిక్వెస్ట్ లేకుండా సిస్టమ్ క్లోజ్ చేయదండీ" అన్నారట.

ఆ 17న నిజంగా కట్టాల్సింది ఎంతో చూద్దాం. అసలు 2,06,500. దానిపై, గడువుకు ముందే తీర్చినందుకు వేసే 4 శాతం ఫోర్‌క్లోజర్ ఛార్జీ 8,260. ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ 1,487. 5వ తేదీ ఈఎంఐ తర్వాత గడిచిన 12 రోజులకు, రోజుకు సుమారు 79 చొప్పున వడ్డీ 950. మొత్తం 2,17,197. అంటే బావ పంపింది 10,697 తక్కువ.

ఛార్జీ చూసి "అయితే ఎందుకు తీర్చడం?" అని అనిపించొచ్చు. మిగిలిన 30 ఈఎంఐల్లో వడ్డీయే దాదాపు 39,400. ఛార్జీ, జీఎస్టీ, ఆ 12 రోజుల వడ్డీ పోయినా 28 వేల పైచిలుకు మిగులుతుంది. చివరి ఏడాదిలో ఉన్న లోన్‌కి మాత్రం మిగిలే వడ్డీ తక్కువ కాబట్టి ఈ లెక్క వేసుకున్నాకే కదలండి.

పరిష్కారం

ముందు ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. అందులో కట్టాల్సిన మొత్తం, అది ఏ తేదీ వరకు చెల్లుతుందనేది రాసి ఉంటాయి. ఆ తేదీ దాటితే రోజు వడ్డీ కలుస్తుంది. వంద రూపాయలు తగ్గినా అకౌంట్ తెరిచే ఉంటుంది, తర్వాత దానికే పెనాల్టీలు పడతాయి. ఈఎంఐ తేదీకి రెండు మూడు రోజుల ముందు కట్టకపోవడమే మంచిది. ఆటో డెబిట్ ఆదేశం అప్పటికే బ్యాంకుకి వెళ్లిపోయి ఉండొచ్చు. అలా కట్ అయిన ఈఎంఐని వెనక్కి ఇప్పించుకోవడం వేరే తలనొప్పి. క్లోజ్ అయినట్టు నిర్ధారణ వచ్చే వరకు ఆటో డెబిట్‌ని మీరే రద్దు చేయకండి. ఈలోగా ఈఎంఐ బౌన్స్ అయితే అది మీ రికార్డులో పడుతుంది.

బావలా ఇప్పటికే డబ్బు పంపేస్తే, ఆ ట్రాన్స్‌ఫర్‌కి బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరుతో రాతపూర్వకంగా రిక్వెస్ట్ ఇవ్వండి. ఎక్సెస్‌లో ఉన్నది, తర్వాత కట్ అయిన ఈఎంఐ సర్దుబాటు చేసి, మిగిలింది ఎంతో చెప్పమని అడగండి. డబ్బు అందిన తేదీ నుంచి దానిపై వడ్డీ లెక్కించొద్దని కూడా రాయండి. ఒప్పుకుంటారో లేదో గానీ, రాయనిదే అడిగినట్టు కాదు.

సమస్య: ఛార్జీ అనుకున్నదానికంటే ఎక్కువ వేశారు

లోన్ ఇచ్చేటప్పుడు వడ్డీ, ఛార్జీలు రాసి ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీయండి. అందులో లేని ఛార్జీని మీ అంగీకారం లేకుండా వేయకూడదు. శాతం మిగిలిన అసలు మీదా, మొదట తీసుకున్న మొత్తం మీదా అన్నది చూడండి. బావ విషయంలో 3 లక్షల మీద వేసి ఉంటే 12,000 అయ్యేది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన, వడ్డీ రేటు మధ్యలో మారే ఫ్లోటింగ్ వడ్డీ లోన్లకు, వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్నవైతే, రిజర్వ్ బ్యాంక్ ముందస్తు చెల్లింపు ఛార్జీని తీసేసింది. కానీ పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి, కాబట్టి ముందు మీది ఏదో తేల్చుకోండి.

సమస్య: నో డ్యూస్ సర్టిఫికెట్ రావడం లేదు

చివరి పేమెంట్ రసీదు నో డ్యూస్ కాదు. సర్టిఫికెట్‌లో మీ పేరు, లోన్ అకౌంట్ నంబరు, మూసిన తేదీ, ఏ బకాయీ లేదన్న మాట ఉండాలి. రాకపోతే ముందు స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ సున్నా అయిందేమో చూడండి. చాలాసార్లు అక్కడ ఏ చిన్న ఛార్జో మిగిలి ఉంటుంది. సున్నానే ఉంటే బ్యాంకుకి ఈమెయిల్‌లో ఫిర్యాదు చేసి నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు రాయొచ్చు, ఫీజు లేదు.

సర్టిఫికెట్ వచ్చాక నెల రోజులు ఆగి క్రెడిట్ రిపోర్ట్ తీయండి. అక్కడ ‘క్లోజ్డ్’ అని ఉండాలి. ‘సెటిల్డ్’ అని ఉంటే బాకీ తగ్గించి రాజీ పడ్డారని అర్థం, పూర్తిగా కట్టినవారికి అది తప్పుడు రాత. సర్టిఫికెట్ జతచేసి, ఆ రిపోర్ట్ ఇచ్చిన క్రెడిట్ బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.