బిల్డింగ్ కడుతున్నప్పటి వడ్డీని ఆస్తి ఖరీదులో ఎలా కలపాలి?

తిరుపతిలో అలిపిరి దగ్గర ఒక కంపెనీ లాడ్జి కడుతోంది అనుకోండి. పని 2024 ఏప్రిల్ 1న మొదలైంది, 2025 మార్చి 31కి ఇంకా నడుస్తూనే ఉంది. లాడ్జి కోసమని ప్రత్యేకంగా అప్పు తీసుకోలేదు, కంపెనీ అవసరాలన్నిటికీ వాడే రెండు జనరల్ లోన్ల డబ్బే ఇందులోకీ పోతోంది. మరి ఏ వడ్డీ లాడ్జిది? అప్పుల వడ్డీని ఎలా చూపాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 23 ఇక్కడే వెయిటెడ్ యావరేజ్ రేటు కట్టమంటుంది.

ముందు రేటు. మొదటి లోను కోటి రూపాయలు, 9 శాతం, ఏడాదంతా ఉంది, వడ్డీ 9 లక్షలు. రెండోదీ కోటే, 12 శాతం, కానీ అక్టోబర్ 1న తీసుకున్నారు కాబట్టి వడ్డీ 6 లక్షలే. చాలామంది 9, 12 కలిపి రెండుతో భాగించి 10.5 శాతం అని రాసేసి మార్కులు పోగొట్టుకుంటారు. రెండో లోను ఉన్నది ఆరు నెలలే, అంటే లెక్కలో అది 50 లక్షలే. మొత్తం వడ్డీ 15 లక్షలు, సగటు అప్పు 150 లక్షలు, రేటు 10 శాతం.

తర్వాత ఖర్చు. ఏప్రిల్ 1న పెట్టిన 40 లక్షలకు పన్నెండు నెలలు, అక్టోబర్ 1న పెట్టిన 60 లక్షలకు ఆరు నెలలు, జనవరి 1న పెట్టిన 40 లక్షలకు మూడు నెలలు. అలా 40, 30, 10 కలిపితే 80 లక్షలు వస్తుంది. ఖర్చు మొత్తం 140 లక్షలు కదా అని దాన్నే రేటుతో గుణించకండి, డబ్బు పెట్టని నెలలకు కూడా వడ్డీ వేసినట్టవుతుంది.

80 లక్షల మీద 10 శాతం, 8 లక్షలు. ఇది అసలు కట్టాల్సిన వడ్డీ 15 లక్షలు దాటలేదు కదా అని చూసుకోండి. ఖర్చు సగటు 170 లక్షలు వచ్చి ఉంటే లెక్క 17 లక్షలు చూపిస్తుంది, అయినా 15 లక్షలకు మించి కలపడానికి వీల్లేదు. మన లెక్కలో 8 లక్షలు లాడ్జి ఖాతాకు డెబిట్, మిగతా 7 లక్షలు లాభనష్టాల ఖాతాకు.

ప్రశ్నలో లాడ్జి కోసమే తీసుకున్న లోను కూడా ఇస్తే, దాన్ని పక్కన పెట్టి విడిగా చేయండి: దాని అసలు వడ్డీలోంచి, ఆ డబ్బు కొన్నాళ్లు డిపాజిట్‌లో ఉండి తెచ్చిన ఆదాయం తీసేయాలి. లోను, దాంతో పెట్టిన ఖర్చు, రెండూ పై లెక్కలోకి రావు.

ఇక తేదీల మెలిక. పని డిసెంబర్ 31కే పూర్తయి, జనవరి ఖర్చే లేకుండా, ఉగాదికి ప్రారంభిద్దామని తాళం వేసి ఉంచారనుకోండి. ముహూర్తం కోసం ఆగిన నెలల వడ్డీ లాడ్జిలోకి రాదు. 40 లక్షలకు తొమ్మిది నెలలు, 60 లక్షలకు మూడు నెలలు, వెరసి 45 లక్షలు. అదే 10 శాతం వేస్తే లాడ్జికి నాలుగున్నర లక్షలే, మిగిలిన పదిన్నర లక్షలూ ఆ ఏడాది ఖర్చు కిందికే పోతాయి.