రాత్రి తిమ్మిర్లు, 2వ పాఠం: మణికట్టా, మెడా?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. తెల్లకాగితం మీద చెయ్యి ఆనించి చుట్టూ గీత గీసుకోవాలి. అరచేతి వైపు ఒక బొమ్మ, వెనుక వైపు ఒక బొమ్మ, ముంజేయి కూడా పడేలా. రాత్రి తిమ్మిరితో మెలకువ రాగానే, చెయ్యి విదిలించకముందే, మొద్దుబారిన చోటును పెన్సిల్‌తో నింపాలి, నొప్పి ఉన్న చోటును వేరే రంగుతో వేయాలి. ఆ కాగితాలు ఇప్పుడు ముందు పెట్టుకోండి. గీయనివాళ్లు ముందు గీసి, ఆ తర్వాతే ఈ పాఠానికి రండి. పగలు గుర్తుచేసుకుని గీస్తే లాభం లేదు. అలా అడిగితే దాదాపు అందరూ "చెయ్యంతా తిమ్మిరేనండీ" అంటారు. రాత్రి గీసిన బొమ్మలో మాత్రం ఏదో ఒక వేలు మిగిలిపోతుంది. మనకు కావలసింది ఆ తేడానే. నరం నలుగుతున్నది మణికట్టు దగ్గరా, మెడ దగ్గరా అన్నది దాన్నిబట్టే వెతుకుతాం.

ముందుగా ఉంగరపువేలు చూడండి. దాన్ని నిలువునా రెండు సగాలుగా అనుకోండి. మధ్యవేలి పక్కనున్న సగం, చిటికెనవేలి పక్కనున్న సగం. రెంటినీ ఒక దూదిపింజతో మెల్లగా తాకండి. ఒక సగం మామూలుగా, ఒక సగం మందంగా తెలుస్తోందా?

ఇలా అడగడానికి కారణం ఉంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో మధ్యవేలి వైపు సగం, వీటి అరచేతి వైపు చర్మానికి స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. మిగతా సగానికీ చిటికెనవేలికీ ఇచ్చేది అల్నార్ నరం. మణికట్టు దగ్గర అరచేతి వైపున ఎముకల మీద ఒక గట్టి పట్టీ మూతలా పరుచుకుని ఉంటుంది. దాని కింద ఉన్న ఇరుకు దారే కార్పల్ టనెల్. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. టెండన్ల చుట్టూ కాస్త వాపు వచ్చినా నలిగేది నరమే. అల్నార్ నరం ఆ మూత కింద నుంచి పోదు. ఆ దారిలో నరం నలిగే జబ్బునూ క్లుప్తంగా కార్పల్ టనెల్ అనే అంటారు. అందుకే ఆ జబ్బులో ఉంగరపువేలు స్పర్శలో రెండుగా చీలిపోతుంది.

మెడలోంచి వచ్చే నరం అలా చీల్చదు. మెడ నరాలకు పైనుంచి కిందికి సి1, సి2 అని వరసగా అంకెలు ఉంటాయి, అవి పట్టీల్లా చేతి మీదికి దిగుతాయి. సి6 బొటనవేలి వైపు, సి7 మధ్యవేలి వైపు, సి8 ఉంగరపు, చిటికెన వేళ్ల వైపు. సి8 నొక్కుకుపోతే ఉంగరపువేలు మొత్తం మొద్దుబారుతుంది. కాబట్టి వేలు స్పష్టంగా చీలిందంటే మెడ మీద అనుమానం బాగా తగ్గించుకోవచ్చు. చీలలేదంటే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే ఆ వేలి పంపకం వేరుగా ఉంటుంది.

తర్వాత బొటనవేలి మొదట్లో, అరచేతిలో ఉబ్బెత్తుగా ఉండే చోటు చూడండి. మీ బొమ్మలో అది తెల్లగా మిగిలిందా? ఆ చర్మానికి స్పర్శ ఇచ్చే చిన్న కొమ్మ మీడియన్ నరం నుంచి మణికట్టుకు ముందే విడిపోయి, మూత పైనుంచి వెళుతుంది. లోపల నరం నలిగినా ఆ కొమ్మకు ఏమీ కాదు. వేళ్లు మొద్దుబారి ఆ ఉబ్బు మామూలుగా ఉంటే మణికట్టు వైపు మొగ్గండి. ఉబ్బుతోపాటు ముంజేతిలో బొటనవేలి వైపు అంచు కూడా మొద్దుబారితే సి6 వైపు చూడాలి. సి7 అయితే మధ్యవేలి వెనుక వైపు, చేతి వెనుక కూడా నిండుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది నొప్పితో. కార్పల్ టనెల్ నొప్పి మోచేతి దాకా, ఒక్కోసారి భుజం దాకా పాకుతుంది. "భుజం లాగుతోంది కాబట్టి మెడే" అనుకోకండి. బొమ్మలో నొప్పినీ మొద్దునూ వేర్వేరు రంగులతో వేయమన్నది అందుకే. నొప్పి ఎక్కడికైనా పోతుంది, మొద్దు చాలావరకు నరం హద్దుల్లోనే ఉంటుంది.

మరి రాత్రే ఎందుకు? నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, కొందరైతే చెయ్యి గడ్డం కింద పెట్టుకుని పడుకుంటారు. మణికట్టు ముడిస్తే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది, నరానికి రక్తం సరిగా అందదు. పడుకున్నప్పుడు కాళ్లలో ఉన్న నీరు పైకి సర్దుకోవడం కూడా తోడవుతుంది. లేచి చెయ్యి కిందికి వేలాడేసి విదిలిస్తే హాయిగా ఉంటుంది. ఇలా విదిలించుకునే అలవాటే కార్పల్ టనెల్‌కు మంచి గుర్తు. పగలు కూడా ఫోన్ పట్టుకున్నప్పుడు, బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడు వస్తుంది. మెడ నరమూ నిద్ర చెడగొడుతుంది కానీ దానికి కదలిక వేరు. అటక మీది సామాను కోసం తల పైకెత్తినా, బండి వెనక్కి తీస్తూ మెడ తిప్పినా, దగ్గినా చేతిలోకి జిల్లుమని దిగుతుంది.

ఇక మూడు పరీక్షలు. మోచేతులు బల్ల మీద ఆనించి, ముంజేతులు నిలబెట్టి, మణికట్లు వాటి బరువుకు అవే కిందికి వాలేలా వదిలేయండి. నొక్కవద్దు. ఫోన్‌లో 60 సెకన్లు పెట్టుకోండి. ఆలోపు మొదటి మూడు వేళ్లలో మీకు రాత్రి వచ్చే తిమ్మిరే వస్తే అది ఫేలెన్ పరీక్షలో పాజిటివ్. చిటికెనవేలికి వస్తే లెక్కలోకి తీసుకోవద్దు, అది మోచేయి మడత వల్ల కావచ్చు. రెండోది, తిమ్మిరో నొప్పో ఉన్న సమయంలో ఆ అరచేయి నడినెత్తిన పెట్టి ఒక నిమిషం ఉంచండి. మెడ నరం నొక్కుకున్నవాళ్లకు దీంతో తరచూ ఉపశమనం కలుగుతుంది, ఎందుకంటే నరం మీద లాగుడు తగ్గుతుంది. డాక్టర్లు మెడను పక్కకు వంచి తల మీద నొక్కి చూసే పరీక్ష ఒకటుంది. అది ఇంట్లో ఎవరిచేతా చేయించుకోకండి.

మూడోది బలం. అరచేయి పైకి పెట్టి బల్ల మీద ఉంచండి. బొటనవేలిని నిటారుగా పైకప్పు వైపు ఎత్తి, రెండో చేతి వేలితో కిందికి నెట్టండి. తర్వాత మోచేయి సగం మడిచి, ఎవరినైనా అడ్డం పట్టుకోమని చెయ్యి చాచండి. రెండు చేతులూ పోల్చుకోండి. మోచేయి చాచే బలం తగ్గితే సి7. బొటనవేలు ఎత్తే బలం తగ్గితే మీడియన్ నరం మీద అనుమానం. బొటనవేలి చర్మానికి స్పర్శ సి6 నుంచి వస్తుంది, కానీ దాన్ని పైకెత్తే కండరానికి నరం మెడ అడుగున ఉన్న సి8, టి1ల నుంచి వస్తుంది. ఒకే మెడ నరం దెబ్బతింటే ఈ రెండూ ఒకేసారి దెబ్బతినవు. అవి కలిసి ప్రయాణించేది మీడియన్ నరంలోనే. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన తర్కం ఇదే.

ఇప్పుడొక బొమ్మ చదువుదాం. నలభై దాటిన, రోజంతా మిషను మీద బ్లౌజులు కుట్టే ఆవిడ అనుకోండి. కొన్ని నెలలుగా తెల్లవారుజామున కుడిచెయ్యి తిమ్మిరితో లేస్తోంది. మంచం అంచు నుంచి చెయ్యి వేలాడేసి, విదిలించి, మళ్లీ పడుకుంటుంది. హుక్కులు కుట్టేటప్పుడు సూది వేళ్ల మధ్య ఉందో జారిందో చూస్తే తప్ప తెలియడం లేదు. మెడ ఎక్స్‌రే తీస్తే "అరుగుదల" అన్నారు. మెడకు కాలర్, బి కాంప్లెక్స్ మాత్రలు వాడినా తేడా రాలేదు. "మెడ నొప్పి కూడా ఉంది కదండీ, దాన్నుంచే కాదా?" అని అడుగుతుంది.

ఆమె ప్రశ్న తప్పేమీ కాదు. వంగి కుట్టేవాళ్లకు మెడ నొప్పి ఉండనే ఉంటుంది. కానీ నడివయసు దాటినవాళ్లలో ఏ బాధా లేని మెడలోనూ ఎక్స్‌రేలో అరుగుదల, ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బు కనిపించడం మామూలే. రిపోర్టు బొమ్మతో కలిస్తేనే దానికి విలువ. ఆవిడ బొమ్మలో మూడు వేళ్లు నిండి ఉన్నాయి, ఉంగరపువేలు సగమే నిండింది, ఉబ్బు తెల్లగా ఉంది, ముంజేయి ఖాళీ. ఫేలెన్‌లో అర నిమిషం లోపే తిమ్మిరి వచ్చింది. చెయ్యి నెత్తిన పెడితే తగ్గలేదు. మోచేయి చాచే బలం రెండు వైపులా సమానం, బొటనవేలి బలం కూడా బాగుంది. ఇది మణికట్టే. మెడ నొప్పి నిజమే, కానీ అది వేరే సంగతి.

బలం తగ్గలేదు కాబట్టి మొదటి మందు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టి ఉంచే స్ప్లింట్. షాపుల్లో దొరికే చాలా వాటిలో లోపలి రేకు మణికట్టును వెనక్కి వంచేలా ఉంటుంది. అలా వంగినా ఒత్తిడి పెరుగుతుంది. రేకు బయటికి తీసి చేత్తో దాదాపు తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. వేళ్లు కదలాలి, పట్టీ బిగుతుగా ఉండకూడదు. వరసగా ఆరు వారాలు రాత్రిళ్లు వేసుకుని చూడాలి. రెండు రాత్రులు వేసి "పని చేయలేదు" అనడం కుదరదు. డాక్టర్‌ని అడిగి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి, రెండూ దీనికి తోడయ్యేవే. గర్భిణులకూ ఇది తరచుగా వస్తుంది, ఎక్కువమందికి కాన్పు తర్వాత తగ్గుతుంది. స్ప్లింట్‌తో తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆ తర్వాత నరం మీద మూతలా ఉన్న పట్టీని కోసి దారి వెడల్పు చేసే చిన్న ఆపరేషన్ ఉన్నాయి. బొటనవేలి ఉబ్బు చప్పగా పడిపోతుంటే, మొద్దు పగలూ రాత్రీ వదలకపోతే స్ప్లింట్‌తో కాలం గడపకండి. కండరం కరిగాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

బొమ్మ మెడ వైపు చూపిస్తే అంత కంగారు అక్కర్లేదు. ఎక్కువమందికి వారాల్లోనో కొన్ని నెలల్లోనో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బలం తగ్గుతూ పోతే మాత్రం ఆగకూడదు.

తేలని బొమ్మలూ ఉంటాయి. ఒకే చేతికి రెండూ ఉండొచ్చు. అప్పుడు నరాల వేగం చూసే ఎన్‌సీఎస్ పరీక్ష ఉపయోగపడుతుంది. అది మణికట్టు దగ్గర కరెంటు నెమ్మదించిందా అన్నది చూపుతుంది. మెడ నరం నొక్కుకుంటే స్పర్శ భాగం మామూలుగానే రావచ్చు, కాబట్టి నార్మల్ రిపోర్టు మెడను తోసిపుచ్చదు. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు దెబ్బతిని వచ్చే తిమ్మిరి సాధారణంగా ముందు అరికాళ్లలో మొదలవుతుంది.

కొన్నింటికి బొమ్మ గీస్తూ కూర్చోకూడదు. రెండు చేతులూ మొరటుగా మారి గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే మెడలో వెన్నుపామే నొక్కుకుపోతూ ఉండవచ్చు, వెంటనే న్యూరో డాక్టర్‌కు చూపించాలి. చెయ్యి ఉన్నట్టుండి మొద్దుబారి మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీ బిగిసి చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి.

ఈ వారం పని: రెండు చేతులకూ దూది పరీక్ష, ఫేలెన్, నెత్తిన చెయ్యి, రెండు బలం పరీక్షలు చేసి బొమ్మ పక్కనే రాసుకోండి. చిటికెనవేలు నిండిన బొమ్మ వచ్చినవాళ్లు ఆ కాగితం పక్కన పెట్టి ఉంచండి. వచ్చే పాఠం మోచేతి దగ్గర నలిగే అల్నార్ నరం గురించి, దానికి మీ కాగితమే కావాలి.